ఐదు లక్షలు ఒకేసారా, ఏటా కొంతా? వడ్డీ లెక్క వేసి చూద్దాం



పోస్టు కొంచెం పెద్దది, ఓపిక చేసుకుని చదవండి. హాస్టల్లో నలుగురం కూర్చుని రెండు రాత్రులు లెక్కలు వేసి రాస్తున్నాం. మా నలుగురి ఇళ్ళల్లోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. అందుకని ఊళ్ళో ఏ కాయితం వచ్చినా "ఇందులో ఏం రాసుందో చూడు" అని మా చేతిలోనే పెడతారు. మొన్న పండక్కి ఊరెళ్తే అట్లా రెండు కాయితాలు చేతికొచ్చాయి.

మా వాళ్ళ ఊరు ముంపు జాబితాలో ఉంది. మొదటి కాయితం పునరావాసానిది. ప్రాజెక్టులో ఉద్యోగం వద్దనుకున్నా, దొరక్కపోయినా కుటుంబానికి రెండు దారులున్నాయి. ఒకేసారి 5 లక్షలు తీసుకోవచ్చు. లేదంటే నెలకు 2 వేల చొప్పున 20 ఏళ్ళు తీసుకోవచ్చు. ఇది ఎవరో నోటిమాటగా చెప్పింది కాదు, 2013 భూసేకరణ చట్టం రెండో షెడ్యూల్లో ఉన్నదే. భూమికిచ్చే పరిహారం వేరు, ఇది వేరు.

రెండో కాయితం ఒక కంపెనీ ఏజెంటు పంచిపెట్టిన కరపత్రం. ఊరికి డబ్బు రాబోతోందని వాసన తగిలితే చాలు, ఇలాంటివాళ్ళు దిగిపోతారు. "ఆ 5 లక్షలు తీసుకుని మా దగ్గర పెట్టండి. ఏటా 50 వేలు, 12 ఏళ్ళు ఇస్తాం. మొత్తం 6 లక్షలు. అంటే ఏటా 10 శాతం" అని చెప్పి పోయాడట.

పెద్దమ్మ అడిగింది ఒకటే మాట. "ఏది ఎక్కువరా అయ్యా?"

మేం ఠక్కున "ఏజెంటుదే పెద్దమ్మా, 5 పెడితే 6 వస్తున్నాయి కదా" అనేశాం. బస్సెక్కాక అనుమానం మొదలైంది. 12 ఏళ్ళ తర్వాత వచ్చే 50 వేలూ, వచ్చే ఏడాది వచ్చే 50 వేలూ ఒకటేనా? కాదు కదా. మరి వాటిని కలిపేసి 6 లక్షలని ఎట్లా చెప్పాం? తప్పు చెప్పి వచ్చామని అర్థమైంది. ఈ పోస్టు ఆ తప్పు దిద్దుకోవడానికే.

ముందు ఆ 10 శాతం సంగతి. దీనికి కాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు. మన 5 లక్షలు నిజంగానే 10 శాతం వడ్డీకి ఉన్నాయనుకోండి. ఏడాదికి వడ్డీ 50 వేలు. ఆ 50 వేలు మనకిచ్చాడు. అసలు 5 లక్షలు అట్లాగే ఉన్నాయి. రెండో ఏడూ అంతే, పన్నెండో ఏడూ అంతే. కాబట్టి నిజంగా 10 శాతమే అయితే 12 ఏళ్ళ తర్వాత కూడా మన 5 లక్షలు వాడి దగ్గర ఉండాలి, తిరిగివ్వాలి. కరపత్రంలో ఆ మాటే లేదు. పన్నెండో వాయిదాతో లెక్క సరి. అంటే వాడు 50 వేలనీ వడ్డీ అని చెబుతున్నాడు గానీ, అందులో ఎక్కువ భాగం మన అసలునే ముక్కలు చేసి మన చేతిలో పెడుతున్నాడు.

మరి అసలు వడ్డీ ఎంత? మాలో ఒకడు ఇట్లా లెక్క వేశాడు: లాభం లక్ష, 12 ఏళ్ళకు పంచితే ఏటా 8,333, అది 5 లక్షల మీద 1.67 శాతం. ఇదీ తప్పే, కాకపోతే ఈసారి ఏజెంటుకు అన్యాయం చేసే తప్పు. ఎందుకంటే మన 5 లక్షలూ 12 ఏళ్ళూ వాడి దగ్గర ఉండవు, ఏటా కొంత అసలు వెనక్కి వస్తూనే ఉంటుంది. సగటున వాడి దగ్గరుండేది 2 లక్షల 85 వేల దాకానే.

సరైన దారి మన ఊళ్ళల్లో షావుకారు పద్దు పుస్తకమే. ఎప్పుడూ మనం బాకీదారులం, ఆయన రాసేవాడు. ఈసారి తిరగేద్దాం. మనం 5 లక్షలు అప్పిచ్చాం, కంపెనీ బాకీదారు. ఏడాది కాగానే మిగిలిన బాకీ మీద వడ్డీ కలపాలి, కట్టిన 50 వేలు తీసేయాలి, మిగిలింది కింద రాయాలి. ఇట్లా 12 వరసలు. వడ్డీ ఎంతో తెలియదు కాబట్టి ఒకటి అనుకుని మొదలుపెట్టాలి.

3 శాతం అనుకుందాం. మొదటి ఏడాది వడ్డీ 15,000. బాకీ 5,15,000. 50 వేలు కట్టాక 4,65,000. రెండో ఏడాది వడ్డీ 13,950, కట్టాక మిగిలేది 4,28,950. మూడో ఏడాది చివర 3,91,819 దగ్గరకొస్తుంది. ఇట్లా పోతే పన్నెండో వాయిదా కట్టాక ఇంకా సుమారు 3,280 రూపాయల బాకీ మిగిలిపోతుంది. వాడేమో లెక్క సరి అంటున్నాడు. అంటే వాడిస్తున్నది 3 శాతం కన్నా తక్కువ.

2 శాతం పెట్టి మళ్ళీ 12 వరసలు రాశాం. ఈసారి వాడు ఇవ్వాల్సిన దానికన్నా సుమారు 36,500 ఎక్కువ కట్టినట్టు తేలింది. అంటే 2 కన్నా ఎక్కువే ఇస్తున్నాడు. 2కీ 3కీ మధ్య, అదీ 3కి బాగా దగ్గర. 2.9 పెట్టి చూస్తే వెయ్యి లోపు తేడా వచ్చింది. చివరికి తేలింది 2.92 శాతం. గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే: చివర్లో బాకీ మిగిలితే మనం అనుకున్న వడ్డీ ఎక్కువైంది, తగ్గించాలి. ఎదురు కట్టినట్టు వస్తే పెంచాలి. సున్నాకు వచ్చిన చోట ఉన్నదే ఆ బేరంలో దాగున్న వడ్డీ.

మన భాషలో చెప్తే ఏడాదికి 3 శాతం అంటే నూటికి నెలకు పావలా. 2.92 అంటే పావలా కూడా కాదు, 24 పైసలు. మహిళా సంఘాల అమ్మలందరికీ పావలా వడ్డీ అంటే ఏంటో తెలుసు, పేదలకు చవగ్గా అందే అప్పు అది. ఇక్కడ మనం ఒక కంపెనీకి పావలా వడ్డీ కన్నా చవగ్గా అప్పిస్తున్నాం! ఈ మాట చెప్పగానే పెద్దమ్మకు లెక్కలేవీ లేకుండానే అర్థమైపోయింది. "పావలాకా! మనకైతే సంతలో మూడు రూపాయలు పడతాది కదరా" అంది.

చేత్తో 12 వరసలు రాయడం కష్టమైతే ఫోన్లో గూగుల్ షీట్స్ తెరిచి ఏదో ఒక గడిలో ఇది టైపు చేయండి:

```
=RATE(12,50000,-500000)
```

మొదటి అంకె ఎన్ని వాయిదాలో, రెండోది ఒక్కో వాయిదా ఎంతో, మూడోది మనం వదులుకునే మొత్తం. మూడోదాని ముందు మైనస్ ఉండాలి, ఎందుకంటే అది మన చేతి నుంచి పోయేది. మేం మొదటిసారి మైనస్ మర్చిపోతే `#NUM!` అని వచ్చింది, అరగంట తల పట్టుకున్నాం. జవాబు 0.0292 లాగా వస్తే 2.92 శాతం అని. గడిలో 3% అని మాత్రమే కనిపిస్తే దశాంశాలు పెంచి చూడండి.

ఒక మెలిక ఉంది. మొదటి వాయిదా ఎప్పుడిస్తారన్నది అడగాలి. పై లెక్క ఏడాది తర్వాత మొదలైతే. అదే డబ్బు పెట్టిన రోజునే మొదటి 50 వేలు చేతిలో పెడితే, మనం నిజంగా ఇచ్చింది 4 లక్షల 50 వేలే, మిగిలినవి 11 వాయిదాలు. అప్పుడు వడ్డీ 3.5 శాతానికి పెరుగుతుంది. కరపత్రంలో ఈ తేదీ రాయలేదు. రాయని కరపత్రాన్ని నమ్మొద్దనే మా ఉద్దేశం.

ఏజెంటు సంగతి తేలింది. ఇప్పుడు అసలు కాయితం, పునరావాసానిది. నెలకు 2 వేలంటే ఏడాదికి 24 వేలు. 20 ఏళ్ళకు మొత్తం 4 లక్షల 80 వేలు. ఆగండి, ఒకేసారి తీసుకుంటే 5 లక్షలు కదా! 20 ఏళ్ళు ఆగి వాయిదాల్లో తీసుకుంటే వచ్చేది దానికన్నా 20 వేలు తక్కువ. `=RATE(20,24000,-500000)` కొడితే జవాబు మైనస్‌లో వచ్చింది, మైనస్ 0.4 శాతం దగ్గర. వడ్డీ రాకపోగా మనమే ఎదురు ఇచ్చినట్టు. మొదట టైపు చేయడంలో ఏదో తప్పు చేశామనుకున్నాం. తప్పేమీ లేదు.

అయితే చట్టం అంతటితో ఆగలేదు, ఇది న్యాయంగా చెప్పాలి. ఆ 2 వేలనీ వ్యవసాయ కూలీల వినియోగదారుల ధరల సూచీకి తగినట్టు పెంచాలని అదే వాక్యంలో ఉంది. అంటే బియ్యం, నూనె, బట్టల ధరలు పెరిగితే ఆ నెలజీతం లాంటిదీ పెరగాలి. ధరలు ముందు ముందు ఎంత పెరుగుతాయో ఎవరికీ తెలియదు కాబట్టి ఏటా 5 శాతం అని పెట్టుకుని చూశాం. మొదటి ఏడాది 24,000, రెండో ఏడాది 25,200, మూడో ఏడాది 26,460, ఇట్లా 20 వరసలు.

వాయిదా ఏటా మారుతుంది కాబట్టి పై ఫార్ములా పనికిరాదు. షీట్‌లో మొదటి గడిలో -500000, దాని కింద వరసగా 20 ఏళ్ళ మొత్తాలూ రాసి, పక్క గడిలో ఇది కొట్టాలి:

```
=IRR(A1:A21)
```

వచ్చింది 4.1 శాతం. మేం ఏడాదికోసారి ఇచ్చినట్టు లెక్క వేశాం. నెలనెలా వస్తే ఇంకో పావు శాతం దరిదాపు పెరుగుతుంది, అంతకన్నా కాదు. ధరలు ఏటా 7 శాతం పెరుగుతాయనుకుని కూడా చూశాం, 5.9 వచ్చింది. రెండుసార్లూ ఒకటే కనపడుతోంది: ధరలు ఎంత పెరిగితే అందులోంచి శాతం దాకా తగ్గించినంతే వడ్డీ. అంటే పెంచుతామన్న మాట పూర్తిగా నిలబెట్టుకున్నా, ఆ డబ్బు ధరల వెనక ఒక అడుగు తగ్గే నడుస్తుంది.

ఈ 4.1ని దేనితో పోల్చాలి? గాల్లో కాదు, మన ఊరి దగ్గరున్న పోస్టాఫీసుతో. అక్కడ నెలవారీ ఆదాయ పథకం ఉంది, దాని వడ్డీ 2023 ఏప్రిల్‌లో 7.4 శాతం చేశారు. వడ్డీ మూడు నెలలకోసారి ప్రకటిస్తారు కాబట్టి మీరు వెళ్ళే రోజున ఎంతుందో గోడ మీద బోర్డు చూసుకోండి. 7.4 ప్రకారం 5 లక్షలకు ఏడాదికి 37,000, నెలకు 3,083 రూపాయలు వస్తాయి. 5 లక్షలు అట్లాగే ఉంటాయి! పక్కనేమో 2 వేలతో మొదలయ్యేది, ఏటా 5 శాతం పెరిగినా పదో ఏడాదికి గానీ ఆ 3,083 దాటదు. తర్వాత అది ఎక్కువ ఇస్తుంది, నిజమే. కానీ ఇరవయ్యో ఏడు దాటాక దాని చేతిలో ఏమీ ఉండదు. పోస్టాఫీసు దాంట్లో 5 లక్షలు ఉంటాయి.

పోస్టాఫీసు వడ్డీ 20 ఏళ్ళూ ఇంతే ఉండదు. ఐదేళ్ళకోసారి డబ్బు తీసి, అప్పటి రేటుకు మళ్ళీ వేసుకోవాలి. అందుకే దాగున్న వడ్డీ తెలుసుకోవడం పనికొస్తుంది. ధరలు 5 శాతం చొప్పున పెరిగితే, పోస్టాఫీసు వడ్డీ సగటున 4.1 కన్నా పైన ఉన్నంత కాలం ఒకేసారి తీసుకున్నదే మేలు. ఎంత దాకా తగ్గితే మన నిర్ణయం తప్పవుతుందో ముందే తెలిసిపోయింది.

ఇక బాకీ ఉన్న ఇళ్ళు. వాళ్ళకు పోల్చుకోవాల్సింది పోస్టాఫీసు కూడా కాదు, షావుకారు వడ్డీ. లక్ష రూపాయల బాకీ నూటికి మూడు రూపాయల వడ్డీకి ఉంటే నెలకు 3 వేలు వడ్డీకే పోతుంది, ఏడాదికి 36 వేలు. ఆ ఇంటివాళ్ళు నెలకు 2 వేలు ఎంచుకుంటే, వచ్చిందంతా షావుకారుకిచ్చినా వడ్డీయే తీరదు. ఒకేసారి తీసుకుని ముందు ఆ లక్ష తీర్చేస్తే, 36 శాతం వడ్డీ సంపాదించినట్టే. ఇంతకు మించిన పథకం ఏ కరపత్రంలోనూ ఉండదు.

ఇదంతా పెద్దయ్యకు చెప్తే ఆయన ఒప్పుకోలేదు. "మీ లెక్క సరేరా. చేతికి వస్తే నిలుస్తాదా? ఫలానా ఊళ్ళో చూడలేదా, బండ్లు కొన్నారు, తాగినారు, ఏడాదికి ఖాళీ. నెలకు రెండు వేలైతే తిండైనా దొరుకుతాది" అన్నాడు. మాలో ఒకడు వాదించబోయాడు గానీ, మాకు నోరు పెగల్లేదు. ఆయన చెప్పింది మేమూ కళ్ళారా చూశాం.

కానీ ఆ భయానికి కూడా ధర ఉంటుంది, అది ఎంతో లెక్క కట్టొచ్చు. పోస్టాఫీసు 7.4 ప్రకారం చూస్తే, ఏటా 5 శాతం పెరుగుతూ 20 ఏళ్ళు వచ్చే ఆ నెల నెలా డబ్బు ఈరోజు విలువ 3 లక్షల 63 వేల దగ్గర. అంటే 5 లక్షలు వదులుకుని 3 లక్షల 63 వేల సరుకు తీసుకుంటున్నాం. తేడా లక్షా 36 వేలు. "నా చేతిలో డబ్బు నిలవదు" అన్న భయానికి కుటుంబం కడుతున్న ధర అది. పెంపు అమలు చేయకుండా వదిలేస్తే తేడా ఇంకా పెద్దది. అదే డబ్బును భార్యాభర్తలిద్దరి పేరు మీదా పోస్టాఫీసులో వేసి, ఇద్దరి సంతకాలూ ఉంటేనే తీసేట్టు చేసుకుంటే చాలావరకు అదే కాపలా దొరుకుతుంది, ఆ లక్షా 36 వేలు కట్టకుండా. పెద్దయ్య దీనికి ఔననలేదు, కాదనలేదు. "ఆలోచిస్తా" అన్నాడు. కొన్ని ఇళ్ళల్లో ఆ రెండో సంతకం కూడా బెదిరించి పెట్టిస్తారని మాకు తెలుసు. అట్లాంటి ఇంట్లో ఆడవాళ్ళు నెలకు 2 వేలే కావాలంటే మేం తప్పు పట్టం.

మా అభిప్రాయం ఇది. బాకీ ఉన్నవాళ్ళూ, ఇద్దరి పేరున పోస్టాఫీసులో వేసుకోగలిగినవాళ్ళూ ఒకేసారే తీసుకోవాలి. ఏజెంటుకు మాత్రం ఎవరూ ఇవ్వొద్దు.

నెల నెలా డబ్బే కావాలనుకునే వాళ్ళు ఉన్న దాంతో సరిపెట్టుకోనక్కర్లేదు. చట్టంలో ఉన్నది "రెండు వేలకు తగ్గకుండా" అని. అది కింది హద్దే, పైకి హద్దు లేదు. పునరావాస పథకం ముసాయిదాను గ్రామసభలో చర్చకు పెట్టాలని కూడా అదే చట్టంలో ఉంది. ఆ రోజు అడగాల్సిన అంకె మేం కట్టి పెట్టాం. 7.4 శాతం దగ్గర, ఏటా 5 శాతం పెరిగేట్టయితే 5 లక్షలకు సమానమైన మొదటి ఏడాది మొత్తం 33 వేలు, అంటే నెలకు 2,750. అసలు పెంచకుండా ఒకటే మొత్తం ఇస్తామంటే నెలకు 4 వేల పైనే ఉండాలి. ఇంకో సంగతి, చట్టం "తగినట్టు" పెంచాలంది గానీ ఎన్నాళ్ళకోసారి అనేది ఆ వాక్యంలో లేదు. ఏటా పెంచుతారని, ఇంటి పెద్ద పోతే మిగిలిన ఏళ్ళ డబ్బు ఎవరికిస్తారో కూడా కాయితం మీద రాయించుకోవాలి.

మీ ఊళ్ళో కాయితంలో అంకెలు వేరుగా ఉంటే పేర్లు, నంబర్లు చెరిపేసి మూడు సంగతులు కింద రాయండి: ఒకేసారి ఎంత, ఏటా ఎంత, ఎన్నేళ్ళు. మొదటి వాయిదా తేదీ కూడా. శనివారం రాత్రి మెస్ అయ్యాక కూర్చుని మేం లెక్క వేసి పెడతాం.